అన్నప్రాసన ఫొటోలో చొంగ, చీమిడి, పొక్కులు: ఒక్కొక్కటీ ఎలా తీశానంటే

విజయనగరంలో మూడులాంతర్ల దగ్గరి మా స్టూడియోకి పెద్ద ఫ్రేమ్ కోసం వచ్చిన ఫొటో ఇది. బాబుకి ఆరో నెల నిండింది. అన్నప్రాసన రోజు మామ్మ ఒళ్లో కూర్చోబెట్టి, ఎడమ పక్కనున్న కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీశారు. నవ్వు బాగా పడింది. దాంతోపాటు ఎడమ ముక్కుపుటం నుంచి పై పెదవి దాకా చీమిడి, కింది పెదవి నుంచి గడ్డం కిందికి చొంగ తీగ, ఆ తడికి నోటి చుట్టూ రేగిన ఎర్ర పొక్కులు కూడా పడ్డాయి. ఎడమ, కుడి అని నేను రాసేదంతా ఫొటో చూసేవాళ్ల వైపు నుంచే.

ఫైలు 4000×6000 పిక్సెళ్లు, వేయాల్సిన ప్రింటు 12×18 అంగుళాలు. అంటే అంగుళానికి 333 పిక్సెళ్లు. ముఖం వెడల్పు 1500 పిక్సెళ్లుంది కాబట్టి గోడ మీద అది నాలుగున్నర అంగుళాలు, అంటే ఇంచుమించు బాబు అసలు ముఖమంత వస్తుంది. ఫోన్‌లో చూసి సరిపెట్టుకునే పని కాదు. వాళ్లు ముందుగా వాట్సాప్‌లో పంపింది 1066×1600కి కుదించుకుపోయిన ఫైలు. అందులో చర్మం మీది సన్నని నూగు మొత్తం కలిసిపోయింది, ఎరుపు దగ్గర రంగులు గళ్లుగళ్లుగా విడిపోయాయి. అలాంటి ఫైలు మీద ఎరుపు తగ్గిస్తే పొక్కు పోయి, దాని చోట చదరపు మచ్చ తేలుతుంది. అందుకే కెమెరా కార్డులోని అసలు ఫైలే తీసుకున్నాను. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే Document గా పంపమనాలి, ఫొటోగా కాదు.

పని మొదలుపెట్టే ముందు ఫొటోషాప్‌లో ఒక్కో ఛానల్‌నీ విడిగా చూస్తాను. Ctrl+3 నొక్కితే ఎరుపు ఛానల్, Ctrl+4 ఆకుపచ్చ, Ctrl+5 నీలం, Ctrl+2తో మళ్లీ మామూలు రంగుల్లోకి. ఈ ఫొటోలో ఎరుపు ఛానల్ చూస్తే గడ్డం మీది పొక్కులు దాదాపు మాయమయ్యాయి, ఆకుపచ్చలో చూస్తే నల్లగా చుక్కలు చుక్కలుగా కనబడ్డాయి. చొంగ మెరుపు మాత్రం మూడింటిలోనూ తెల్లగానే ఉంది. అంటే పొక్కుల్లో తేడా రంగుది, చొంగలో తేడా వెలుగుది. చీమిడి ఈ రెండూ కాదు. అది ముక్కుపుటం అంచునూ, ముక్కు కింది గాడినీ కప్పేసింది, కాబట్టి అక్కడ పోయింది ఆకారం. మూడింటికీ ఒకటే హీలింగ్ బ్రష్ పట్టుకుని రుద్దడం వల్లే చాలా పిల్లల ఫొటోలు మైదాపిండి ముద్దల్లా తయారవుతాయి.

లేయర్లు ఇలా పేర్చాను. అడుగున అసలు ఫొటో, దాన్ని ముట్టుకోను. దాని మీద చీమిడికి ఒక ఖాళీ లేయరు, చొంగకి Ctrl+Alt+Shift+Eతో అప్పటిదాకా చేసినదంతా కలిపిన నకలు లేయరు ఒకటి, అన్నిటికంటే పైన పొక్కుల రంగుకి కర్వ్స్. బ్రష్‌ల Sample దగ్గర Current & Below పెట్టుకుంటే ఖాళీ లేయరు మీదే గీస్తూ కింది ఫొటో నుంచి చర్మం తెచ్చుకోవచ్చు. రంగు పని చివరికి ఎందుకంటే, ముందే ఎరుపు తగ్గించేసి తర్వాత చర్మాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి తెస్తే, మాస్క్ ఉన్నచోటుకీ లేనిచోటుకీ మధ్య తేడా బయటపడి అతుకు తెలుస్తుంది.

ముందు చీమిడి. అదే కష్టం, అదే ఎక్కువ సమయం తింటుంది. ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది అదే వరసలో తీసిన మిగతా ఫ్రేముల్లో ముక్కు తుడిచి ఉన్నది ఏదైనా ఉందేమో వెతకడం. ఒకటి దొరికింది. దాన్ని ఈ ఫొటో మీద వేసి, ఒపాసిటీ 50 చేసి, Ctrl+Tతో ముక్కుకి ముక్కు కలిపి చూశాను. ముక్కు కుదిరింది గానీ ఆ ఫ్రేములో నోరు మూసి ఉంది, ఇందులో నవ్వుతున్నాడు. నవ్వితే పై పెదవి సాగి, ముక్కు కింది గాడి వెడల్పై, లోతు తగ్గుతుంది. మూసిన నోటి గాడిని నవ్వే నోటి మీద పెడితే మూతి ఉబ్బినట్టుంటుంది. అందుకని పైనున్న ముక్కుపుటం అంచు వరకే ఆ ఫ్రేము నుంచి మాస్క్‌తో తీసుకుని, మిగతాది చేత్తో చేశాను.

మిగిలిన చీమిడి చార పొడవు 130 పిక్సెళ్లు, వెడల్పు 35 దాకా. ఇక్కడ హీలింగ్ బ్రష్‌తో ఒక చిక్కుంది. ఆ బ్రష్ చర్మపు తీరును మనం చూపించిన చోట నుంచి తెచ్చినా, రంగునీ వెలుగునీ గీత చుట్టూ ఉన్న అంచుల నుంచి తీసుకుంటుంది. గీత కొస ముక్కు రంధ్రం నలుపుకి తగిలిందా, ఆ నలుపు లోపలికి పాకి పై పెదవి మీద మసి పూసినట్టవుతుంది. చాలామంది దీన్ని బ్రష్ సైజు తప్పనుకుని ఇంకా చిన్నది పెడతారు, మసి అలాగే ఉంటుంది. మందు వేరే. లాసోతో ముందు సెలక్షన్ గీసుకోవాలి. అది చార కంటే కాస్త పెద్దగా ఉండాలి గానీ, పైన మాత్రం రంధ్రం అంచును సరిగ్గా ఒరుసుకుని పోవాలి, కింద పెదవి ఎరుపు మొదలయ్యే గీతను కూడా అలాగే. ఆ సెలక్షన్ లోపల హీల్ చేస్తే బయటి నలుపు గానీ పెదవి ఎరుపు గానీ లోపలికి రావు.

బ్రష్ 25 పిక్సెళ్లు పెట్టి, Alt నొక్కి కుడివైపు శుభ్రంగా ఉన్న పై పెదవి చర్మాన్ని మూలంగా తీసుకున్నాను. ఒక్క గీతలో పైనుంచి కిందికి లాగలేదు. నాలుగైదు పొట్టి ముక్కలుగా, ప్రతి ముక్కకీ మూలం కొంచెం జరుపుతూ చేశాను. అదే చోటు నుంచి అన్నీ తెస్తే ఒకే నూగు వెంట్రుక నాలుగుసార్లు వరసగా కనబడుతుంది. ప్రింటులో దాన్ని ముందు పట్టేది పిల్లవాడి తల్లే.

చార పోయాక పై పెదవి శుభ్రంగా ఉంది, కాకపోతే గాడి లేదు. ఎడమ గట్టు చదునైపోయింది. కుడి గట్టును తిప్పి అతికిస్తే తేలికేగా అనిపిస్తుంది గానీ, వెలుగు ఎడమ నుంచి వస్తోంది. కిటికీ వైపు గట్టుకి బయటి పక్క వెలుగు, గాడి లోపలి పక్క నీడ ఉండాలి. కుడి గట్టుని అద్దంలోలా తిప్పితే వెలుగు గాడి లోపలికీ, నీడ బయటికీ పోతుంది. చూసేవాళ్లకి ఏం తప్పో తెలియదు, మూతి వంకరగా ఉందంటారు. కాబట్టి కొత్త లేయరు తీసి, 50 శాతం బూడిదరంగు నింపి, మోడ్ Soft Light చేసి, గట్టు బయటి పక్క తెలుపుతో, లోపలి పక్క నలుపుతో 15 పిక్సెళ్ల మెత్తని బ్రష్, ఫ్లో 3 శాతం మీద నెమ్మదిగా గీశాను. ఏడెనిమిది గీతలకు గాడి తిరిగొచ్చింది. 200 శాతం జూమ్‌లో ఇది ఎంత గీసినా చాలనట్టే ఉంటుంది, 50కి వచ్చి చూస్తే ఎక్కువైనట్టు తెలుస్తుంది. నాలుగు గీతలకోసారి బయటికొచ్చి చూడాలి.

ముక్కుపుటం చివర చిన్న మెరుపు చుక్క ఉంటుంది. అది చీమిడి కాదు, కిటికీ వెలుగు. దాన్ని కూడా తుడిచేస్తే ముక్కు మట్టిబొమ్మది అయిపోతుంది.

ఇక చొంగ. గడ్డం మీద 300 పిక్సెళ్ల పొడవున తీగ, చివర కిందికి వేలాడే బొట్టు. దగ్గరగా చూస్తే తీగ ఒక గీత కాదు, రెండు. కిటికీ వైపు తెల్లగా మెరిసే గీత, దాన్ని ఆనుకుని కుడివైపు సన్నని ముదురు గీత. వెలుగు ఆ ద్రవంలో వంగి దిగడం వల్ల అవతలి అంచున నీడ పడుతుంది. తెలుపు మాత్రమే తీసి, మెరుపు పోయింది కదా అని వదిలేస్తే ఆ ముదురు గీత గడ్డం మీద గాటులా మిగులుతుంది. నేను చూసిన రీటచింగుల్లో అందరూ చేసే తప్పు ఇదే.

తెల్ల గీతకి క్లోన్ స్టాంప్, మోడ్ Darken, ఒపాసిటీ 30. ఈ మోడ్‌లో మనం తెచ్చే చర్మం కంటే తెల్లగా ఉన్న పిక్సెళ్లు మాత్రమే మారతాయి, పక్కనున్న మామూలు చర్మం కదలదు. అదే బ్రష్‌ని Lighten కి మార్చి ముదురు గీత మీద పోనిచ్చాను. మూలం ఎక్కడి నుంచి తీసుకుంటున్నామన్నది ముఖ్యం. గడ్డం గుండ్రం కాబట్టి ఎడమ నుంచి కుడికి వెలుగు తగ్గుతూ పోతుంది. తీగకి పైకో కిందికో 40 పిక్సెళ్ల లోపు నుంచే, అదే వెలుగున్న చర్మం తీసుకోవాలి. బుగ్గ మీంచి తెస్తే తీగ పోయి, తీగ ఆకారంలో తెల్లమచ్చ మిగులుతుంది.

తీగ మధ్యలో రెండుచోట్ల మెరుపు 255 దాకా వెళ్లి పూర్తిగా తెల్లబడింది. అక్కడ అడుగున చర్మం సమాచారమే లేదు, ఎంత ముదురు చేసినా బూడిదరంగే వస్తుంది. ఆ రెండు చోట్లా ముందు హీలింగ్ బ్రష్‌తో పక్క చర్మం తెచ్చి పూడ్చి, ఆ తర్వాతే క్లోన్ పని చేశాను. వేలాడే బొట్టు వెనక పట్టు చొక్కా ఉంది. అక్కడ బట్ట నేత వరస కలిసేలా క్లోన్ స్టాంప్ మామూలు మోడ్‌లో, గట్టి అంచుతో వేస్తే సరిపోయింది. చొక్కా మీద తడిసిన మచ్చకి క్లోన్ అక్కర్లేదు. తడి బట్ట ముదురుగా కనబడుతుందే తప్ప నేత ఎక్కడికీ పోదు. కర్వ్స్‌తో ఆ మచ్చ వరకు వెలుగు పెంచి, రంగు గాఢత కొద్దిగా తగ్గిస్తే ఆరిపోయినట్టుంటుంది.

గడ్డం మీది మెరుపంతా చొంగది కాదు. తడి లేకపోయినా గడ్డం గుండ్రానికి అక్కడ కొంచెం వెలుగు నిలవాలి. అందుకే అక్కడి విలువలను 225 దగ్గర ఆపాను. కింది పెదవి తడి అసలు ముట్టుకోలేదు. పెదవి కొస మీద తెల్లగా రెండు మెతుకులున్నాయి, అవి పరమాన్నం. తీసేస్తే అది అన్నప్రాసన ఫొటో కాదు.

ఆటోమేటిక్‌గా పనిచేసే స్పాట్ హీలింగ్ ఈ చోట వద్దనడానికి కారణం ఉంది. గడ్డానికి కుడి పక్కన బుగ్గ మీద కాటుకతో పెట్టిన దిష్టిచుక్క ఉంది. స్పాట్ హీలింగ్ మూలాన్ని తనంతట తానే ఎంచుకుంటుంది. ఒక పెద్ద పొక్కు మీద వేసి చూస్తే, పొక్కు పోయి దాని చోట ఇంకో చిన్న నల్లచుక్క వచ్చి కూర్చుంది. బాబుకి రెండు దిష్టిచుక్కలు! మూలం మనమే చూపించే బ్రష్ అయితే ఈ తంటా ఉండదు. దిష్టిచుక్కని తీయకూడదని చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు మచ్చ అనుకుని తుడిచేసిన సందర్భాలున్నాయి. పుట్టుమచ్చలూ అంతే, ఇంట్లోవాళ్లని అడగకుండా తీయకూడదు.

పొక్కులకి వస్తే, ఐడ్రాపర్ పెట్టి Info ప్యానెల్‌లో విలువలు చదివాను. శుభ్రంగా ఉన్న బుగ్గ మీద ఎరుపు 196, ఆకుపచ్చ 148, నీలం 122. పొక్కుల మధ్య ఎరుపు 190, ఆకుపచ్చ 118, నీలం 104. ఎరుపు పెరగలేదు చూడండి, ఇంకా కొంచెం తగ్గింది కూడా. చర్మం ఎర్రగా కనబడుతున్నది ఆకుపచ్చ 30 పడిపోయినందుకు. అందుకే ఎరుపు స్లయిడర్ పట్టుకుని కిందికి లాగితే చర్మం బూడిదబారుతుంది, జబ్బు పడ్డట్టుంటుంది. చేయాల్సింది ఆకుపచ్చను నింపడం.

కర్వ్స్ లేయరులో Green ఛానల్ తెరిచి 118 దగ్గర చుక్క పెట్టి 140కి ఎత్తాను. 230 దగ్గర ఇంకో చుక్క కదలకుండా పెట్టాను, లేకపోతే మెరుపులు పచ్చబడతాయి. Blue లో 104ని 115కి. ఫొటో మొత్తం ఆకుపచ్చగా మారింది. కంగారు లేదు, Ctrl+Iతో మాస్క్‌ని నలుపు చేస్తే అంతా మామూలే. ఇప్పుడు తెల్ల రంగు, మెత్తని అంచు, ఫ్లో 10 శాతం. ముందు 12 పిక్సెళ్ల బ్రష్‌తో ఒక్కో పొక్కు మీదా మూడు నాలుగు అద్దులు, తర్వాత 120 పిక్సెళ్ల బ్రష్‌తో ఫ్లో 5 మీద నోటి చుట్టూ ఒక్క పొర. ఆకుపచ్చ పెరిగితే వెలుగు కూడా బాగా పెరుగుతుంది కాబట్టి, రంగుతోపాటు పొక్కు నలుపు కూడా తగ్గింది. తుడిచి తుడిచి ముక్కు కింద కందిన చోటుకీ ఇదే మాస్క్.

140 దగ్గరే ఎందుకు ఆగానంటే, 148 దాకా తీసుకెళితే గడ్డమూ బుగ్గా ఒకే రంగు అయిపోతాయి. పసిపిల్లల ముఖంలో ఏ రెండు చోట్లా ఒకే రంగుండదు. మెడ మడతల్లో మరీను. అక్కడ ఎరుపూ ముదురూ సహజం, చెమటకాయలు లేకపోయినా ఉంటాయి. మడతలోని పొక్కుకి పక్క మడత రంగే కొలత, బుగ్గ రంగు కాదు. బ్రష్ ఎక్కువైతే తెలిసే గుర్తు ఏమిటంటే, ఆ చోటు పచ్చకామెర్లు వచ్చినట్టు పచ్చగా తేలుతుంది. అప్పుడు నలుపు రంగుతో అదే ఫ్లోతో వెనక్కి అద్దుకోవాలి.

రంగు పోయాక కూడా ఉబ్బుగా మిగిలిన పొక్కులు ఆరో ఏడో ఉన్నాయి. వాటిని మాత్రం చొంగ లేయరు మీదే, కర్వ్స్ కిందనే, 15 పిక్సెళ్ల హీలింగ్ బ్రష్‌తో ఒక్కొక్కటే తీశాను. చర్మాన్ని రెండు పొరలుగా విడగొట్టి నునుపు చేసే పద్ధతి పెళ్లికూతుళ్ల ఫొటోల్లో పనికొస్తుంది. ఆరు నెలల పిల్లల చర్మంలో రంధ్రాలే కనబడవు, ఉన్నదల్లా నూగు. దాన్ని బ్లర్ చేస్తే ఇంకేం మిగలదు. ఫోన్ యాప్‌లలో బ్యూటీ నొక్కితే జరిగేది అదే. ఫోన్‌లోనే చేయాలంటే స్నాప్‌సీడ్‌లో బాగా జూమ్ చేసి పెద్ద పొక్కులకి Healing, ఎరుపుకి Brush లో Saturation −5 మీద ఒకటి రెండు పూతలు చాలు. చీమిడి జోలికి మాత్రం ఫోన్‌లో వెళ్లకపోవడం మంచిది, మూలం ఎంచుకునే వీలు లేదు.

ముఖానికి మొత్తం యాభై నిమిషాలు పట్టింది, అందులో సగం ముక్కు కిందే. పూర్తయ్యాక ఫొటోని 25 శాతానికి తగ్గించి, Flip Canvas Horizontal తో తిప్పి చూశాను. తిప్పితే కంటికి కొత్త ముఖం అవుతుంది, అలవాటు పడిన తప్పులు బయటపడతాయి. గాడి నీడ ఒకచోట ఎక్కువైనట్టు అలాగే దొరికింది.

ఇంట్లోవాళ్లకి స్క్రీన్ మీద చూపించినప్పుడు మామ్మ, ‘‘అంతా తీసీకు బావూ, చొంగ లేకపోతే మావోడిలాగ లేడు’’ అంది. ఆవిడ అన్నది నిజమే, వాళ్లు ఆరు నెలలుగా చూస్తున్న ముఖం తడి ముఖం. లేయర్లు విడిగా ఉన్నందువల్ల ఇక్కడ మేలు జరిగింది. చొంగ లేయరు ఒపాసిటీ 100 నుంచి 75కి దించితే గడ్డం మీద లేత తడి తిరిగొచ్చింది. పొక్కుల కర్వ్స్ లేయరు ఒపాసిటీని కూడా 90కి దించాను. చీమిడి లేయరు మాత్రం 100 నుంచి కదపకూడదు. చొంగ సగం కనబడితే తడిలా ఉంటుంది, చీమిడి సగం కనబడితే సరిగా తుడవనట్టుంటుంది.

ఒపాసిటీ దించాక ఒకటి మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. వేలాడే బొట్టు కూడా ఆ లేయరులోనే ఉంది కాబట్టి చొక్కా మీద నీడలా తేలింది. పొక్కుల ఉబ్బులు చిన్నవి కాబట్టి తెలియలేదు. బొట్టు పనిని సెలక్ట్ చేసి Ctrl+Shift+Jతో వేరే లేయరుగా కోసి, దాన్ని 100కి పెట్టాను. మొదటే విడిగా చేసుకోవాల్సింది.

ప్రింటుకి sRGB జేపెగ్ ఇస్తాం. ల్యాబ్ ప్రింటులో కాంట్రాస్ట్ కొంచెం ఎక్కే సరికి, స్క్రీన్ మీద సరిపోయిందనుకున్న ఎరుపు మళ్లీ మొహం చూపిస్తుంది. అందుకని పెద్దది వేయించే ముందు నోటి చుట్టూ భాగాన్ని సైజు మార్చకుండా కోసి 4×6 ప్రింటు ఒకటి తీయించాను. కుడి గడ్డం కింద నాలుగు పొక్కులు కనబడ్డాయి, మాస్క్ మీద ఇంకో రెండు అద్దులు పడ్డాయి. అసలు ఫైలుని వేరుగా దాచి, రీటచ్ చేసినదానికి వేరే పేరు పెట్టి, రెండూ ఇంట్లోవాళ్లకి ఇచ్చాను. పొక్కులు తగ్గకపోతే డాక్టరుకి చూపించాల్సింది అసలు ఫొటో, ఇది కాదని వాళ్లకి చెప్పాను కూడా.